"కరెంటెప్పుడొస్తది?": లైన్‌మెన్ల భద్రతా మీటింగులో మొదటి నలభై సెకన్లు

నల్లగొండ జిల్లాలో బోర్ల మీదనే ఎవుసం నడిచే ఊళ్లున్న ఒక విద్యుత్ సెక్షన్. జూన్ మొదటి వారం. గాలిదుమారాలకు స్తంభాలు ఒరిగే రోజులు, నార్లు పోసే రోజులు, బత్తాయి తోటలకు నీళ్లు ఆగకూడని రోజులు. ఏటా ఈ సమయంలోనే సెక్షన్‌ను చూసే అసిస్టెంట్ ఇంజినీరు, అంటే ఏఈ, తన సిబ్బందికి భద్రత మీద ఒక మీటింగు పెడతాడు. 33/11 కేవీ సబ్‌స్టేషన్ ఆవరణలో రేకుల షెడ్డు, పొద్దున తొమ్మిదిన్నర, ముప్పై ఆరు మంది. వాళ్లలో లైన్ ఇన్‌స్పెక్టరు, లైన్‌మెన్లు, అసిస్టెంట్, జూనియర్ లైన్‌మెన్లు, ఆర్టిజన్లు, సబ్‌స్టేషన్ ఆపరేటర్లు ఉన్నారు. సమయం ఇరవై అయిదు నిమిషాలు. విషయం ఒక్కటే: ఎల్‌సీ, అంటే లైను ఆపించి పని చేసుకొమ్మని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి, తీసుకున్నాక, చెయ్యి తీగను తాకేముందు, తీగను నేలకు కలిపే ఎర్త్ రాడ్లు వెయ్యడం.

ఇదే మీటింగు అంతకుముందు ఏడు కూడా జరిగింది. అప్పటి ఏఈ కూడా జోకుతోనే మొదలుపెట్టాడు. అది చెడింది. తర్వాతి ఏడు వచ్చిన ఏఈ జోకు మానలేదు, మార్చాడు. ఆ రెంటి మధ్య తేడా ఏమిటన్నదే ఈ కేసు.

అసలు ఇలాంటి చోట జోకెందుకు అని అడగడం న్యాయమే. ముప్పై ఏండ్లుగా స్తంభాలెక్కుతున్న లైన్‌మన్‌కు రాడ్డు సంగతి తెలియక కాదు. ఆ మాటలు ఏటా విన్నవే. కొత్తగా వచ్చిన ఏఈ వయసు అతని సర్వీసంత కూడా ఉండకపోవచ్చు. "మా పని ఈయనకేం తెలుసు" అనే మొహంతో చేతులు కట్టుకొని కూర్చుంటారు. ఇక్కడ జోకు చెయ్యాల్సిన పని చాలా చిన్నది: మీ రోజు ఎట్ల గడుస్తదో నాకు ఎరుక అని చెప్పడం. అంతే. ఆ అవసరం లేని చోట, అంటే సిబ్బంది ముందే విషయం మీద కంగారుగా ఉన్న చోట, జోకు దండగ.

మొదటి ఏడు ఏం జరిగిందంటే

ఆ ఏఈ ఎంచుకున్నది ఫోనుల్లో తిరిగే రకం జోకు. కరెంటు షాకుకు, పెళ్లాం కోపానికి పోలిక. షాకు ఒకసారే కొడుతుంది, రెండోది రోజూ కొడుతుంది అనే ధోరణి. షెడ్డులో చాలామంది గట్టిగానే నవ్వారు. ఇద్దరు మహిళా ఆపరేటర్లు నవ్వలేదు. ఏఈ ఆ నవ్వు చూసి మీటింగు బాగా మొదలైందనుకున్నాడు. వెంటనే తెర మీద రెండో స్లైడు వేశాడు. అది కాలిన చేతుల ఫొటో.

వెనక వరుసలో ఒకతను "ఇది ఇంటామె కొట్టిన షాకా సార్?" అన్నాడు. మళ్లీ నవ్వు. ఆ మాట అన్నవాడు దుర్మార్గుడేమీ కాదు. నవ్వులాట ఇంకా నడుస్తుందనుకున్నాడు, తన వంతు అందించాడు. పక్క సెక్షన్‌లో కరెంటు ప్రమాదంలో పోయిన మనిషికి తోడుగా పనిచేసిన ఆర్టిజన్ ఒకాయన మూడో వరుసలో ఉన్నాడు. ఆయన లేచి నీళ్లు తాగే నెపంతో బయటకు పోయి, మీటింగు అయ్యేదాకా రాలేదు. ఏఈ గొంతు పెంచి "ఇది నవ్వులాట కాదు" అన్నాడు. నవ్వించింది తానే కనుక ఆ మాటకు బరువు లేకపోయింది.

ఆడవాళ్లను తక్కువ చేసే మాట అన్నది ఒక తప్పు, దాని మీద వాదన అక్కర్లేదు. కానీ ఆ జోకులో మరో రెండు లోపాలున్నాయి. ఆడవాళ్ల ప్రస్తావన లేని జోకుల్లో కూడా ఇవి దొరుకుతాయి కనుక చెప్పుకోవాలి.

ఒకటి, ఆ జోకు ప్రమాద ఫలితం మీదే నిలబడింది. షాకు అనే మాటను అది నవ్వొచ్చే మాటగా మార్చింది. తర్వాతి ఇరవై నాలుగు నిమిషాలు అదే మాటను భయపడాల్సిన మాటగా వినమని అడిగితే మనసు ఒప్పుకోదు. రెండు, జోకుకూ విషయానికీ మధ్య దారి లేదు. జోకు అయిపోయాక స్లైడు వేస్తూ ఏఈ "సరే, ఇక విషయానికొద్దాం" అన్నాడు. ఆ మాట అనాల్సి వచ్చిందంటేనే ఇప్పటిదాకా చెప్పింది విషయం కాదని తానే ఒప్పుకున్నట్టు.

హాస్యంతో చెప్పే గంభీర విషయాల మీద రాబిన్ నబీ, మరో ఇద్దరు పరిశోధకులు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. నవ్విస్తూ చెప్పినప్పుడు వినేవాళ్లు చెప్పే మనిషిని ఇష్టపడతారు, మనసులో ఎదురువాదన తక్కువ చేస్తారు. కానీ అదే సమయంలో "ఏదో తమాషాకు అన్నాడులే" అని విషయాన్ని తేలిగ్గా కూడా తీసుకుంటారు. మన షెడ్డులో కనబడింది అదే. మనిషి నచ్చాడు, మాట నిలవలేదు.

రెండో ఏటి జోకు ఎట్ల తయారైంది

కొత్త ఏఈ ప్రమాదాల జాబితాతో మొదలుపెట్టలేదు. రాడ్డు వెయ్యకుండా పని చేసిన సందర్భాలు ఎందుకొచ్చాయో లైన్ ఇన్‌స్పెక్టరును అడిగాడు. జవాబుల్లో రాడ్డు బండిలో లేదన్నది ఒకటి. దానికి జోకు పనిచెయ్యదు, రాడ్డు కావాలి. ఎక్కువసార్లు వచ్చిన జవాబు మాత్రం తొందర. తొందర ఎక్కణ్నించి? ఫోను నుంచి. ఎల్‌సీ తీసుకున్న నిమిషం నుంచి జేబులో ఫోను మోగుతూనే ఉంటుంది. స్తంభం మీదున్న మనిషికి ఊరంతా అడిగే ప్రశ్న ఒక్కటే.

జోకు అక్కడ దొరికింది. ఏఈ చెప్పినది దాదాపు ఉన్నదున్నట్టు:

"మొన్న చెట్టుకొమ్మ పడి ఫీడరు ట్రిప్పయింది. అయిదు నిమిషాలు కూడ కాలే. సర్పంచ్ ఫోను. 'సార్, కరెంటెప్పుడొస్తది?' పెట్టేసిన. రైతు. 'సారూ, కరెంటెప్పుడొస్తది?' పెట్టేసిన. మూడో ఫోను మా ఇంటికెళ్లి. పొద్దుగాల తినకుండ వచ్చిన గద, ఎప్పుడొస్తవ్ అని అడుగుతదనుకున్న. ఎత్తిన. 'కరెంటెప్పుడొస్తది?'"

చదువుతుంటే పెద్దగా ఏమీ లేదనిపిస్తుంది. కానీ షెడ్డులో ఉన్న ప్రతి మనిషికీ ఆ ఫోను వచ్చింది. నవ్వు అందుకే వచ్చింది. చెప్పడానికి పట్టింది నలభై సెకన్లు. ఇరవై అయిదు నిమిషాల మీటింగుకు అది చాలు. నిమిషం దాటితే అది మొదలు కాదు, కార్యక్రమం.

ఇందులోనూ ఇంటామె ఉంది కదా, పాత జోకుకూ దీనికీ తేడా ఏమిటని ఒకరు అడిగారు. పాతదాంట్లో నవ్వు ఆమె మీద. ఇందులో నవ్వు ఏఈ మీద. అన్నం కోసం ఎదురుచూస్తున్నారనుకున్న మనిషి, తనకంటే ఫ్యానుకే విలువెక్కువని తెలుసుకున్నాడు. గదిలో అధికారం ఎవరిదో, ఎగతాళి ఆయన మీదనే పడాలి. కింది ఉద్యోగి మీద పడితే అది తిట్టులాగే వినబడుతుంది. పోయినవాళ్ల దరిదాపులకు అసలు పోకూడదు.

ఇంకొకటి గమనించాలి. ఈ జోకు ప్రమాదం మీద లేదు, ప్రమాదానికి కారణమైన అలవాటు మీద ఉంది. ఫోను తొందర మీద ఎంత నవ్వినా షాకు అనే మాట చెడలేదు. అది దాని సమయం వచ్చేదాకా పక్కన భద్రంగా ఉంది.

మలుపు

నవ్వు వచ్చాక ఏఈ ఏం చేశాడన్నదే ఈ కేసులో నేర్చుకోదగ్గ భాగం. వేదిక మీద నవ్వించేవాళ్లు నవ్వు దిగడం మొదలుకాగానే తర్వాతి మాట అందుకుంటారు, ఊపు పోకూడదని. ఇక్కడ ఊపు పోవాలి. నవ్వు పూర్తిగా అణిగాక రెండు మూడు సెకన్లు ఆగాడు. చిన్న సంగతిలా కనబడుతుంది కానీ ముప్పై ఆరు మంది ముందు మూడు సెకన్లు ఊరకుండడం కష్టం. చాలామంది ఆ ఖాళీని ఇంకో చమత్కారంతో నింపి చెడగొట్టుకుంటారు.

ఆ తర్వాత అన్నది ఇదీ, గొంతు తగ్గించి, మెల్లగా:

"ముగ్గురిల ఒక్కరన్న నువ్వెప్పుడొస్తవ్ అని అడగలే. సర్పంచ్ అడగడు, రైతు అడగడు, వాళ్ల పని వాళ్లది. ఆమె ఎందుకడగలే? వస్తననే నమ్మకం."

"సరే, విషయానికొద్దాం" అనే అవసరం రాలేదు. జోకులో నవ్వించిన మాటే, వస్తది, వస్తవ్ అనే ఆ జంటే, ఇప్పుడు నవ్వు లేకుండా మళ్లీ వచ్చింది. నవ్వినవాళ్లు తాము నవ్విన దాన్నే రెండోసారి చూశారు. విషయం జోకు పక్కన లేదు, జోకు కిందనే ఉంది.

ముందు రాసుకున్న ప్రతిలో దీని తర్వాత ఇంకో వాక్యం ఉండేది: "ఆ నమ్మకాన్ని కాపాడేదే ఈ రాడ్డు." ముందురోజు లైన్ ఇన్‌స్పెక్టరుకు చదివి వినిపిస్తే ఆయన మొహం పెట్టాడు. "సార్, అది బ్యానర్ మీద రాసే మాట" అన్నాడట. తీసేశారు. తీసెయ్యడమే మంచిదైంది. నవ్వు తర్వాత వెంటనే ఏడిపించబోతే జనం రెండూ నాటకమే అనుకుంటారు.

ఆ వాక్యం ఉండాల్సిన చోట ఏఈ చేత్తో పని చేశాడు. బల్ల మీద ముందునుంచీ ఉన్న ఎర్త్ రాడ్డు తీసి, దాని తీగ చుట్ట విప్పి, కిందనున్న ఎర్తింగ్ పట్టీకి క్లాంపు పెట్టి మర తిప్పడం మొదలుపెట్టాడు. ఏమీ మాట్లాడలేదు. ఇనుము మీద ఇనుము చప్పుడు, అంతే. చేతులు పనిలో పడితే మనిషి జోకు చెప్పిన మనిషిలా కనబడడు. చూసేవాళ్ల కళ్లు మొహం మీంచి చేతుల మీదికి పోతాయి. గంభీరంగా మారమని ఎవరికీ చెప్పనక్కర్లేదు.

తర్వాతి ఇరవై నాలుగు నిమిషాల వరుస

జోకు ఎంత బాగా పేలినా దాని వెనక వచ్చేది సరైన వరుసలో లేకపోతే నిలవదు. అందుకే రెండో స్లైడు ఫొటో కాదు. ఒక గీత బొమ్మ: 11 కేవీ లైను, దాని కింద ట్రాన్స్‌ఫార్మరు, తక్కువ వోల్టేజీ ఉండే ఎల్‌టీ వైపు ఒక ఫంక్షన్ హాలు, అందులో జనరేటరు.

ప్రశ్న: ఎల్‌సీ ఉంది, సబ్‌స్టేషన్‌లో బ్రేకరు తీసి ఉంది, మరి లైను చచ్చినట్టేనా? ఫంక్షన్ హాలులో జనరేటరును లైను నుంచి వేరుచేసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటరు వేస్తే ఆ కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మరులోకి వస్తుంది. 11 కేవీని 433 వోల్టులకు దించే ఆ పెట్టె, అటునుంచి వస్తే దాన్ని పైకే పెంచుతుంది. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు తప్పేమీ లేదు, రిజిస్టరులో రాత సరిగ్గానే ఉంది, అయినా తీగలో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. స్తంభం మీద లైనును విడదీసే ఏబీ స్విచ్ తీసినప్పుడు మూడు బ్లేడుల్లో ఒకటి తుప్పుకో వంకరకో పూర్తిగా విడిపోకపోవడం ఇంకో దారి. కింద హ్యాండిల్ దిగిందని చూసి పైన బ్లేడులు చూడకపోతే అది తెలియదు.

ఇదంతా నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాతే పక్క సెక్షన్ ప్రమాదం. ఫొటో లేదు, ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు. రెండే వాక్యాలు: ఎల్‌సీ ఉంది, రాడ్డు లేదు. జోకుకూ మరణానికీ మధ్య ఆ అయిదు నిమిషాల లెక్క ముఖ్యం. నవ్విన నోటితో వెంటనే చావు మాట వింటే వినేవాళ్లకు తాము తప్పు చేసినట్టు అనిపిస్తుంది, ఆ ఇబ్బందిలోంచి మళ్లీ నవ్వే వస్తుంది. మొదటి ఏడు వెనక వరుసలోంచి వచ్చిన మాట అలాంటిదే.

మిగతా సమయం చేతిపనికి. ముందు టెస్టరును కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి అది పలుకుతుందో లేదో చూడాలి, ఆ తర్వాతే పని చేసే లైను మీద పెట్టాలి. రాడ్డు వేసేటప్పుడు ముందు ఎర్తు క్లాంపు, తర్వాతే ఫేజు తీగ. తీసేటప్పుడు తలకిందులు: ముందు ఫేజు, చివరికి ఎర్తు. ఈ వరుస తప్పితే రాడ్డు తీగలోకి వచ్చిన కరెంటు ఎర్తుకు పోవడానికి మనిషే దారి అవుతాడు. కరెంటు ఎటునుంచి వస్తుందో తెలియదు కనుక పని చేసే చోటుకు రెండు వైపులా రాడ్లు ఉండాలి. ఈ భాగంలో ఒక్క చమత్కారం కూడా లేదు. చివర్లో ప్రశ్నలప్పుడు సిబ్బంది తమంతట తాము నవ్వుకుంటే నవ్వుకున్నారు.

చెడే చోట్లు

ఎవరూ నవ్వకపోతే? ఈ జోకులో ఉన్న మంచి గుణం, నవ్వు రాకపోయినా అది మామూలు సంగతిగా నిలబడుతుంది. ముగ్గురు ఫోను చేశారు, ముగ్గురూ అదే అడిగారు. అదే గొంతుతో "ఒక్కరన్న అడగలే" అని మలుపుకు పోవచ్చు. నవ్వు వస్తేనే నడిచే జోకును గంభీరమైన మీటింగుకు తేవద్దు. "అర్థం కాలేదా?" అని అడగడం, మళ్లీ చెప్పడం, రెండూ చావుదెబ్బలే.

నవ్వు ఎక్కువైతే? ఆరోజు ఒక లైన్‌మన్ "మా ఆమె ఫోను గూడ చెయ్యదు సార్, చార్జింగ్ దండగంటది" అన్నాడు. నిజం చెప్పాలంటే ఏఈ జోకు కంటే అది బాగుంది. ఏఈ నవ్వాడు, తలూపాడు, జవాబివ్వలేదు. ఒక్క జవాబిచ్చి ఉంటే పోటీ మొదలయ్యేది. అలాంటి మాట ఒకటి వస్తే రానివ్వాలి, రెండోదానికి ముందే రాడ్డు చేతిలోకి రావాలి.

కాపాడిన జాగ్రత్తలు రెండున్నాయి, రెండూ ముందురోజువే. గదిలోకి ఎవరు వస్తున్నారో ఏఈ లైన్ ఇన్‌స్పెక్టరుతో కూర్చుని చూసుకున్నాడు. పోయిన ఏడు లేచిపోయిన ఆర్టిజన్ ఇప్పుడూ ఉన్నాడు. ఆయనను పక్కకు పిలిచి, ఆ ప్రమాదం గురించి రెండు వాక్యాలు చెప్తానని, మీకు ఇబ్బందైతే చెప్పనని అడిగాడు. చెప్పమన్నాడాయన. ఇటీవలే సెక్షన్‌లోనే మనిషి పోయి ఉంటే ఏ జోకూ పనికిరాదు, ఎంత మంచిదైనా సరే.

రెండోది ఒక పరీక్ష. రేపే ప్రమాదం జరిగితే, నిన్నటి మీటింగులో మీ ఏఈ ఏమన్నాడని ఆ ఇంటివాళ్లు అడిగితే, ఈ మాటలు వాళ్ల ముందు మళ్లీ అనగలమా? పాత జోకు ఆ ప్రశ్న దగ్గరే రాలిపోతుంది. ఫోను జోకు నిలుస్తుంది. దీనితోపాటు ఇంకో చిన్న తూకం ఉంది: ఇదే జోకును బిల్లుల వసూళ్ల మీటింగులో మార్చకుండా వాడగలిగితే అది ఈ మీటింగు జోకు కాదు.

పనిచేసిందని ఎట్ల తెలుసు

నవ్వు కొలత కాదు. మొదటి ఏడు నవ్వే ఎక్కువ. మీటింగు చివర ఏఈ ముగ్గురిని పిలిచి రాడ్డు వేసి తీయమన్నాడు. ఇద్దరు వరుస తప్పకుండా చేశారు. ఒక జూనియర్ తీసేటప్పుడు ఎర్తు క్లాంపు మీదికి ముందు చెయ్యి పోనిచ్చాడు, పక్కవాళ్లే ఆపారు. వారం తర్వాత లైన్ ఇన్‌స్పెక్టరు చెప్పకుండా రెండు పనిచోట్లకు పోయి చూశాడు. రెండు చోట్లా రెండేసి రాడ్లు వేసి ఉన్నాయి. ఒక చోట ఫోను స్తంభం కింద ఆర్టిజన్ చేతిలో ఉంది.

ఇదంతా జోకు పుణ్యమనలేం. ఆ నెలలోనే సెక్షన్‌కు అదనపు రాడ్లు వచ్చాయి, అది పెద్ద కారణం. జోకు ఖాతాలో ధైర్యంగా వెయ్యగలిగింది ఫోను సంగతే. స్లైడుల్లో ఎక్కడా "ఫోను కింద ఇచ్చి ఎక్కండి" అని లేదు.

ఇదే జోకు మరి రెండు చోట్ల తిరిగి, రెండు చోట్లా దెబ్బతింది. డివిజన్ మీటింగులో ఒక పెద్ద అధికారి దాన్ని తీసుకొని "విద్యుత్ సరఫరాను ఎప్పుడు పునరుద్ధరిస్తారని మా శ్రీమతి అడిగారు" అన్నాడు. వస్తది, వస్తవ్ జంట పోయింది, జోకు పోయింది, మలుపుకు నిలబడ్డానికి చోటే లేకుండా పోయింది. ఆగస్టులో ఏఈ తన సెక్షన్‌లోనే మళ్లీ చెప్పబోయాడు. రెండో ఫోను దగ్గరికి రాగానే వెనక వరుస అంతా ఒక్క గొంతుతో "కరెంటెప్పుడొస్తది" అని అందుకుంది. మూడో ఫోను చెప్పకుండానే ఆపేసి, అక్టోబరు మీటింగుకు మాటలేమీ లేకుండా క్లాంపు మర తిప్పడంతోనే మొదలుపెట్టాడు.